మూడేళ్ల తర్వాత కూడా పనికొచ్చే సర్టిఫికెట్

(ఇంటర్న్‌షిప్ ముగించబోతున్న విద్యార్థుల సమావేశంలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నేను చాలా ఏళ్లు హెచ్‌ఆర్ విభాగంలో పనిచేశాను. ఇంటర్న్‌లకు సర్టిఫికెట్లు రాసిచ్చింది నేనే, కొత్తగా ఉద్యోగానికి వచ్చేవాళ్లు వేరే చోట నుంచి తెచ్చిన సర్టిఫికెట్లను సరిచూసిందీ నేనే. రాసే చెయ్యి, చూసే కన్ను రెండూ నావే కావడంతో నాకొక విషయం బాగా తెలిసొచ్చింది. సర్టిఫికెట్ రాసేవాళ్లు మిమ్మల్ని దృష్టిలో పెట్టుకుని రాస్తారు. చదివేవాళ్లకు మాత్రం మీరెవరో తెలియదు. మీ మేనేజర్ ఎవరో, ఆ ఆఫీసులో ఏం పని జరుగుతుందో కూడా తెలియదు. రెండు మూడేళ్ల తర్వాత ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఆ కాగితం చేతిలో పట్టుకుని, మీరు చెప్పింది నిజమేనా అని చూసుకోవాలి. ఈరోజు నేను చెప్పేదంతా ఆ మనిషి కోసమే అనుకోండి.

ఒక అమ్మాయి విషయం చెబుతాను. రెండు నెలలు ఇంటర్న్‌షిప్ చేసింది. చాలా మంచి పని చేసింది కూడా. చివరి రోజున ఆమెకిచ్చిన సర్టిఫికెట్‌లో ఉన్నది మూడే మూడు వాక్యాలు. "ఫలానా వ్యక్తి మా సంస్థలో రెండు నెలల ఇంటర్న్‌షిప్ విజయవంతంగా పూర్తి చేశారు. ఈ కాలంలో వారి ప్రవర్తన బాగుంది. వారి భవిష్యత్తు ఉజ్వలంగా ఉండాలని కోరుకుంటున్నాం." కింద ఒక సంతకం. ఆ సంతకం ఎవరిదో రాయలేదు. చుట్టూ బంగారు రంగు అంచు, మధ్యలో పెద్ద అక్షరాలతో పేరు, చూడటానికి చాలా అందంగా ఉంది. ఆ అమ్మాయి సంతోషంగా ఫొటో తీసుకుని దాచుకుంది.

కాలేజీలో ఇచ్చినప్పుడు మొదటి చిక్కు వచ్చింది. ఆ కోర్సుకు క్రెడిట్లు రావాలంటే కనీసం 200 గంటల పని చూపించాలి. రెండు నెలలు అంటే ఎన్ని గంటలు? రోజుకు రెండు గంటలు చేసినా రెండు నెలలే, ఎనిమిది గంటలు చేసినా రెండు నెలలే. పైగా ఏ రెండు నెలలో కూడా అందులో లేదు. కాలేజీ వాళ్లు ఆ కాగితాన్ని వెనక్కి పంపారు. ఈలోగా ఆమె మేనేజర్ వేరే సంస్థకు వెళ్లిపోయారు. కొత్తగా వచ్చినవాళ్లకు ఆమె పేరు కూడా తెలియదు. ఆఫర్ లెటర్, హాజరు రికార్డు బయటికి తీయించి, సర్టిఫికెట్ మళ్లీ రాయించుకోవడానికి నెలన్నర పట్టింది. ఆ నెలన్నరా ఆ పిల్ల పడిన టెన్షన్ అంతా ఇంతా కాదు.

రెండోసారి వచ్చిన సర్టిఫికెట్ ఎలా ఉందో చూద్దాం. అందులోని అసలు భాగం ఇది:

"పై వ్యక్తి మా సంస్థ డేటా విభాగంలో ఇంటర్న్‌గా 2025 జూన్ 2 నుంచి 2025 జూలై 25 వరకు పనిచేశారు. వారానికి 5 రోజులు, రోజుకు 6 గంటల చొప్పున, రెండు రోజుల సెలవు పోగా మొత్తం 228 గంటలు ఆఫీసుకు వచ్చి పనిచేశారు. కస్టమర్ల ఫిర్యాదుల రికార్డుల్లో ఒకటికి రెండుసార్లు నమోదైనవాటిని తొలగించి, ఫిర్యాదులను రకాల వారీగా విడదీసి, ప్రతి వారం విభాగానికి నివేదిక తయారుచేసి ఇచ్చారు. ఈ పనికి ఎస్‌క్యూఎల్, ఎక్సెల్ వాడారు. విభాగం మేనేజర్ పర్యవేక్షణలో తనకు అప్పగించిన పనిని గడువులోగా పూర్తి చేశారు."

ఇందులో పొగడ్త దాదాపు లేదు. అయినా మొదటి కాగితం కన్నా ఇది ఆమెకు ఎంతో మేలు చేసింది. ఎందుకో ఒక్కొక్కటిగా చెబుతాను.

ముందు తేదీలు. మొదలైన రోజు, ముగిసిన రోజు, రెండూ ఉండాలి. నెలను అక్షరాల్లో రాయించుకోండి. ఇది చాదస్తం కాదు. 05/06/2025 అని రాస్తే కొన్ని దేశాల్లో జూన్ 5 అని చదువుతారు, కొన్ని దేశాల్లో మే 6 అని చదువుతారు. నేనే ఒకసారి అలా అంకెల్లో రాసిచ్చాను. ఆ కుర్రాడు విదేశంలో చదువుకు దరఖాస్తు చేస్తే, ఇంటర్న్‌షిప్ తేదీలకూ పరీక్షల తేదీలకూ పొంతన కుదరడం లేదని వాళ్లు వివరణ అడిగారు. తప్పు నాది, సంజాయిషీ చెప్పుకున్నది అతను. ఆ రోజు నుంచి నెల పేరు అక్షరాల్లో లేని కాగితం మీద నేను సంతకం పెట్టలేదు.

తర్వాత గంటలు. ఈ లెక్క మీరే వేసుకోవాలి, మీ కోసం ఎవరూ వేయరు. ఆ అమ్మాయి లెక్క చూడండి. జూన్ 2 సోమవారం, జూలై 25 శుక్రవారం. మధ్యలో సరిగ్గా 8 వారాలు. వారానికి 30 గంటల చొప్పున 240 గంటలు. కానీ ఆమె రెండు రోజులు సెలవు పెట్టింది. రోజుకు 6 గంటల చొప్పున 12 గంటలు తీసేస్తే 228. "240 అనే వేయమని అడగనా?" అని నన్ను అడిగింది. వద్దన్నాను. హాజరు రికార్డులో రెండు రోజుల సెలవు కనిపిస్తూనే ఉంది. కావలసింది 200 గంటలు, ఉన్నవి 228. ఆ పన్నెండు గంటల కోసం కాగితానికీ రికార్డుకూ తేడా తెచ్చుకోవడం దేనికి? ఎవరైనా సరిచూసినప్పుడు ఒక్క అంకె తేడా వచ్చినా మిగతా అంకెలన్నింటి మీదా అనుమానం మొదలవుతుంది.

ఇక చేసిన పని. చాలా సర్టిఫికెట్లలో "వివిధ ప్రాజెక్టులలో చురుకుగా పాల్గొన్నారు" అని ఉంటుంది. ఆ మాట చదివితే ఆ మనిషి ఏం చేశాడో ఒక్క ముక్క కూడా తెలియదు. పని రాయడానికి రెండు మూడు వాక్యాలు చాలు. ఏం తీసుకున్నారు, దాన్ని ఏం చేశారు, చివరికి ఏం ఇచ్చారు, దేనితో చేశారు. ఆసుపత్రిలో చేసినా, పత్రికలో చేసినా, వర్క్‌షాపులో చేసినా ఇదే వరస. సంస్థ లోపలి రహస్యాలు, కస్టమర్ల పేర్లు, అమ్మకాల అంకెలు ఇందులో రాకూడదు. అవి ఉంటే సంతకం పెట్టేవాళ్లు వెనకాడతారు, అది న్యాయమే.

పేరు గురించి కూడా కాస్త జాగ్రత్త పడాలి. ఆఫీసులో మిమ్మల్ని అందరూ పొట్టి పేరుతో పిలుస్తూ ఉండొచ్చు. ఈమెయిల్‌లో ఒక రకంగా, గుర్తింపు కార్డులో ఇంకో రకంగా ఉండొచ్చు. సర్టిఫికెట్‌లో మాత్రం మీ పాస్‌పోర్టులోనో, మీ మార్కుల జాబితాలోనో ఉన్న పేరే అదే వరసలో, అదే స్పెల్లింగుతో ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా, ఇనిషియలా పూర్తి మాటా అన్నది ముందే చూసుకుని రాసివ్వండి. దాంతోపాటు రోల్ నంబరో, ఆఫీసు ఇచ్చిన ఇంటర్న్ నంబరో ఉంటే అదే పేరున్న ఇంకొకరితో కలిసిపోకుండా ఉంటుంది.

సంస్థ పేరు విషయంలోనూ అదే చిక్కు. మార్కెట్‌లో అందరికీ తెలిసిన బ్రాండ్ పేరు ఒకటి ఉంటుంది, రిజిస్టర్ అయిన పేరు మరొకటి ఉంటుంది. వెరిఫికేషన్ చేసేవాళ్లు రిజిస్టర్ అయిన పేరుతో వెతుకుతారు. లెటర్‌హెడ్ మీద ఆ పూర్తి పేరు, చిరునామా, ఆఫీసు ఫోన్ నంబరు, సంస్థ సొంత డొమైన్‌తో ఉన్న ఈమెయిల్ ఉండాలి. సంతకం కింద సంతకం పెట్టినవారి పేరు, హోదా స్పష్టంగా రాసి ఉండాలి. గీతలా ఉన్న సంతకం ఒక్కటే ఉంటే, ఎవరిని అడగాలో ఎవరికీ తెలియదు. వీలైతే విభాగం పేరుతో ఉన్న ఈమెయిల్ అడగండి. మేనేజర్ ఉద్యోగం మారితే వ్యక్తి పేరుతో ఉన్న ఈమెయిల్ మూతపడుతుంది, హెచ్‌ఆర్ విభాగం ఈమెయిల్ మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. కాగితం ఇచ్చిన తేదీ, రిఫరెన్స్ నంబరు ఉంటే రికార్డుల్లో వెతకడం తేలిక.

ఇచ్చిన తేదీ అన్నాను కదా, దాంట్లో ఒక మెలిక ఉంది. కొందరు తొందరలో వారం ముందే సర్టిఫికెట్ తీసుకుంటారు. జూలై 18న సంతకం పెట్టిన కాగితంలో "జూలై 25 వరకు పనిచేశారు, పూర్తి చేశారు" అని ఉంటుంది. ఇంకా జరగని దాన్ని జరిగిందని రాసినట్టయింది. నిజంగా ముందే కావాలంటే "ప్రస్తుతం పనిచేస్తున్నారు, జూలై 25న ముగియనుంది" అని వేరే లెటర్ తీసుకోండి. పూర్తయిన తర్వాత అసలు సర్టిఫికెట్ తీసుకోండి.

ఇప్పుడు ఎక్స్‌పీరియన్స్ లెటర్ సంగతి. ఈ రెండింటినీ చాలామంది ఒకటే అనుకుంటారు. ఇంటర్న్‌షిప్ కంప్లీషన్ సర్టిఫికెట్ మీరు నేర్చుకుంటూ చేసిన ఒక నిర్ణీత కాలం ముగిసిందని చెబుతుంది. ఎక్స్‌పీరియన్స్ లెటర్ మీరు ఏ హోదాలో, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, ఏ బాధ్యతలతో పనిచేశారో చెబుతుంది. సాధారణంగా ఉద్యోగం వదిలేటప్పుడు ఇస్తారు. కొన్ని సంస్థలు ఇంటర్న్‌లకు కూడా ఇస్తాయి. అలా ఇస్తే అందులో "ఇంటర్న్‌గా" అన్న మాట ఉండి తీరాలి. ఆ మాట తీసేయమని అడిగేవాళ్లను నేను చూశాను. దయచేసి అడగకండి. రేపు వెరిఫికేషన్‌లో సంస్థ వాళ్లు "ఆయన మా ఉద్యోగి కాదు, ఇంటర్న్" అని ఒక్క మాట చెబితే, నిజంగా చేసిన పని కూడా అబద్ధంలా కనిపిస్తుంది.

ఒకే చోట ఇంటర్న్‌గా చేరి ఉద్యోగి అయినవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఆరు నెలలు ఇంటర్న్, ఆ తర్వాత ఏడాదిన్నర ఉద్యోగం అనుకుందాం. రెజ్యూమెలో "రెండేళ్ల అనుభవం" అని రాస్తారు. లెటర్‌లో ఉద్యోగంలో చేరిన తేదీ ఒక్కటే ఉంటే ఏడాదిన్నరే కనిపిస్తుంది. రెండు కాలాలూ విడివిడిగా, ఒక్కోదాని హోదాతో రాయమని అడగండి.

జీతం, స్టైపెండ్ వివరాలు మామూలుగా ఈ లెటర్‌లో ఉండవు. అవసరమైన చోట విడిగా అడగాలి. కెనడా వలస దరఖాస్తుల్లో, ముఖ్యంగా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో, అనుభవం చూపే లెటర్‌లో బాధ్యతలు, వారానికి పని గంటలు, వార్షిక జీతం కూడా ఉండాలని అడుగుతారు. జర్మనీలో అయితే తేదీలు, పని మాత్రమే చెప్పే సాదా సర్టిఫికెట్ వేరు, పనితీరును, ప్రవర్తనను కూడా అంచనా వేసే సర్టిఫికెట్ వేరు. అక్కడ "ఎల్లప్పుడూ" అన్న ఒక్క మాట ఉండటం, లేకపోవడం మీద కూడా అర్థం మారుతుంది. అందుకే కాగితం అడిగే ముందు, అది ఎవరికి చూపించబోతున్నారో వాళ్ల నిబంధన ఒకసారి చదవండి.

సరే, ఎలా అడగాలి?

చివరి రోజు అడగకండి. చివరి రోజున అందరూ వీడ్కోలు చెబుతారు, "పంపిస్తాంలే" అంటారు, ఆ తర్వాత మీరెవరో వాళ్లెవరో. రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టాలి. ముందు మీ మేనేజర్‌కు నోటితో చెప్పండి. "సర్, నా ఇంటర్న్‌షిప్ ఫలానా రోజుతో అయిపోతుంది, సర్టిఫికెట్ కోసం హెచ్‌ఆర్‌కు మెయిల్ పెడదామనుకుంటున్నాను, మిమ్మల్ని సీసీలో పెట్టనా?" అంటే చాలు. మీ పని గురించి చెప్పగలిగింది మేనేజర్, కాగితం ఇచ్చేది హెచ్‌ఆర్. ఇద్దరికీ ఒకే మెయిల్ వెళ్తే ఒకరి మీద ఒకరు వేసుకోవడం తగ్గుతుంది.

మెయిల్ ఇలా ఉండొచ్చు:

"నమస్కారం మేడమ్. నేను డేటా విభాగంలో ఇంటర్న్‌గా పనిచేస్తున్నాను. నా ఇంటర్న్ నంబరు ఇది. నా ఇంటర్న్‌షిప్ 2025 జూన్ 2న మొదలైంది, జూలై 25న ముగుస్తుంది. కాలేజీలో క్రెడిట్ల కోసం నాకు కంప్లీషన్ సర్టిఫికెట్ కావాలి. కాలేజీ నిబంధన ప్రకారం అందులో తేదీలు, మొత్తం పని గంటలు, చేసిన పని వివరం, సంతకం చేసినవారి హోదా ఉండాలి. కాలేజీ ఇచ్చిన నమూనా, నేను చేసిన పని గురించి నాలుగు వాక్యాలు జత చేస్తున్నాను. వాటిని మా మేనేజర్ గారు చూశారు. ఆగస్టు 8లోగా కాలేజీలో ఇవ్వాలి. నా ఆఫీసు మెయిల్ చివరి రోజుతో ఆగిపోతుంది కాబట్టి నా సొంత మెయిల్‌ను కూడా సీసీలో పెట్టాను."

ఈ మెయిల్ చదివిన మనిషి మళ్లీ మిమ్మల్ని ఏదీ అడగనక్కర్లేదు. నా అనుభవంలో, ఇలాంటి మెయిల్ వస్తే ఆ రోజే పని అయిపోయేది. "సర్టిఫికెట్ కావాలి, దయచేసి త్వరగా" అని ఒక్క లైను వస్తే, ఎవరు, ఏ విభాగం, ఏ తేదీలు అని నేను వెతుక్కోవాలి. అది పక్కకు వెళ్లిపోయేది. చెడ్డ ఉద్దేశంతో కాదు, తేలికైన పని ముందు అయిపోతుంది, అంతే.

ఆ మెయిల్‌లోని ఆఖరి వాక్యాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఆఫీసు మెయిల్ మూతపడ్డ తర్వాత దానికే సర్టిఫికెట్ పంపిన సందర్భాలు నేను చాలా చూశాను. ఇటు పంపినవాళ్లు పంపేశామనుకుంటారు, అటు మీరు రాలేదనుకుంటారు.

మెయిల్ పెట్టాక ఐదు పని దినాలు ఆగండి. జవాబు రాకపోతే అదే మెయిల్ కింద, కొత్తది మొదలుపెట్టకుండా, రెండు వాక్యాల్లో గుర్తుచేయండి. ల్యాప్‌టాప్, గుర్తింపు కార్డు, లైబ్రరీ పుస్తకం లాంటివి ఏవైనా తిరిగి ఇవ్వాల్సి ఉంటే ఇచ్చేసి, ఇచ్చినట్టు మెయిల్‌లో రాయండి. చాలా చోట్ల కాగితం ఆగేది ఈ నో డ్యూస్ దగ్గరే. అది మీకు ఎవరూ చెప్పరు, ఆలస్యం మాత్రం కనిపిస్తుంది.

సర్టిఫికెట్ చేతికి వచ్చిన రోజే కూర్చుని ఆఫర్ లెటర్ పక్కన పెట్టి చదవండి. పేరు, తేదీలు, హోదా రెండింటిలోనూ ఒకటేనా? ఒక అక్షరం తప్పున్నా ఆ వారంలోనే సరిచేయించుకోండి. పీడీఎఫ్‌ను మీరే తెరిచి ఆ ఒక్క అక్షరం దిద్దుకోవాలని అనిపిస్తుంది. వద్దు. మీ పేరులోని స్పెల్లింగే అయినా, వాళ్లు సంతకం పెట్టిన కాగితాన్ని మీరు మార్చినట్టే అవుతుంది. సంస్థ దగ్గరున్న కాపీతో పోల్చినప్పుడు తేడా బయటపడితే, అది స్పెల్లింగ్ కోసమేనని ఎవరూ నమ్మరు. డిజిటల్ సంతకంతో వచ్చిన ఫైలును ప్రింట్ తీసి మళ్లీ స్కాన్ చేసి పంపకండి. సంతకం బొమ్మ కనిపిస్తుంది కానీ, దాన్ని సరిచూసే వీలు పోతుంది. అసలు ఫైలే పంపండి.

(ప్రశ్నలు)

ప్రశ్న: మా మేనేజర్ గారు "నువ్వే రాసుకుని రా, సంతకం పెడతాను" అన్నారు. అలా రాసుకోవచ్చా అండీ?

రాసుకోవచ్చమ్మా, ఇది చాలా చోట్ల జరిగేదే. కాకపోతే పొగడ్తలు మీరు రాసుకోకండి. తేదీలు, గంటలు, చేసిన పని మీరు రాయండి. పనితీరు గురించిన వాక్యం దగ్గర ఖాళీ వదిలి, "ఇది మీరు రాయండి సర్" అని చెప్పండి. రాసింది ఆయన చదివే సంతకం పెట్టేలా చూసుకోండి. రేపు ఎవరైనా ఫోన్ చేస్తే ఆయన చెప్పేదీ కాగితంలో ఉన్నదీ ఒకటే కావాలి.

ప్రశ్న: మా సంస్థలో తేదీలు, హోదా తప్ప ఇంకేమీ రాయరట. అది వాళ్ల పాలసీ అంటున్నారు.

పాలసీ అయితే హెచ్‌ఆర్‌తో వాదించి లాభం లేదు. ఆ సాదా సర్టిఫికెట్ తీసుకోండి. పని వివరాల కోసం మీ మేనేజర్‌ను విడిగా అడగండి. మీరు చేసిన పనులు మెయిల్‌లో రాసి, "ఇవి సరిగ్గా ఉన్నాయా సర్" అని అడిగితే, ఆయన ఆఫీసు మెయిల్ నుంచి "అవును, సరైనవే" అని ఇచ్చే జవాబు కూడా పనికొస్తుంది. దాన్ని మీ సొంత మెయిల్‌లో ఉంచుకోవచ్చా అని ముందే అడిగి ఉంచుకోండి.

ప్రశ్న: నేను రెండేళ్ల క్రితం ఇంటర్న్‌షిప్ చేసిన స్టార్టప్ మూసేశారు. సర్టిఫికెట్ తీసుకోలేదు. ఇప్పుడేం చేయాలి?

ఆఫర్ లెటర్, స్టైపెండ్ జమైన బ్యాంకు స్టేట్‌మెంట్, అప్పటి మెయిళ్లు ముందు ఒక చోట పెట్టుకోండి. తర్వాత అప్పటి మేనేజర్‌నో, స్థాపకుల్లో ఒకరినో పట్టుకుని, వాళ్ల సొంత పేరు మీద ఒక లెటర్ అడగండి. అందులో సంస్థ మూతపడిందని, తాను అప్పుడు ఫలానా హోదాలో ఉన్నానని, మీరు ఫలానా తేదీల మధ్య తన కింద పనిచేశారని రాయాలి. పాత లెటర్‌హెడ్ వాడొద్దని చెప్పండి, పాత తేదీ వేయొద్దని కూడా చెప్పండి. ఈరోజు రాస్తే ఈరోజు తేదీనే ఉండాలి. మీ రెజ్యూమె ఇచ్చేటప్పుడు కూడా, సంస్థ ఇప్పుడు లేదని, ఈ కాగితాలు ఉన్నాయని మీరే ముందుగా చెప్పండి. వాళ్లు వెతికి, దొరక్క, ఆ తర్వాత మిమ్మల్ని అడిగే పరిస్థితి రాకూడదు.

ప్రశ్న: నా సర్టిఫికెట్‌లో ముగిసిన తేదీ తప్పు పడింది. ఏడాది అయింది. ఇప్పుడు అడిగితే ఏమనుకుంటారో అని...

ఏమీ అనుకోరు, అడగండి. పాత సర్టిఫికెట్ కాపీ, ఆఫర్ లెటర్, మీ చివరి రోజున వచ్చిన మెయిల్ ఏదైనా జత చేయండి. తప్పు ఎక్కడుందో, సరైన తేదీ ఏదో ఒక్క వాక్యంలో రాయండి. పాత రిఫరెన్స్ నంబరు రాస్తే వాళ్లకు వెతకడం తేలిక. కొత్త కాగితం మీద ఈనాటి తేదీ ఉంటుంది, "ఇంతకుముందు ఇచ్చిన సర్టిఫికెట్‌కు బదులుగా" అని ఒక లైను కూడా ఉండాలి. అది వచ్చాక పాతదాన్ని ఇంకెక్కడా వాడకండి. ఇప్పటికే ఎక్కడైనా ఇచ్చి ఉంటే, వాళ్లకు కొత్తది మీరే పంపించండి.